సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందో మీ దగ్గర రాసి ఉండాలి

"మేం బెంగళూరు మహదేవపురలో ఉంటాం. రెండేళ్లుగా ఇంట్లోనే పొడులు, పచ్చళ్లు చేసి మా అపార్ట్‌మెంట్‌లోనూ పక్కనున్న రెండు మూడు అపార్ట్‌మెంట్లలోనూ అమ్ముతున్నాను. ఇప్పటిదాకా నూట నలభై ఇళ్లవాళ్లు కొన్నారు. తిన్నవాళ్లంతా బాగుందనే అంటారు, మళ్లీ తీసుకునేది మాత్రం పాతికమందే. గుర్తుచేద్దామని అందరికీ ఒకేసారి వాట్సాప్ మెసేజ్ పంపితే ఇద్దరు బ్లాక్ చేశారు. ఫోన్ చేయాలంటే మొహమాటం. నంబర్లన్నీ పాత చాట్లలో చెల్లాచెదురుగా ఉన్నాయి. లిస్టు ఎలా రాసుకోవాలి? విసిగించకుండా ఎలా అడగాలి?"
— ఒక పాఠకురాలు, బెంగళూరు

ఇడ్లీ కారం డబ్బా ఖాళీ అయ్యేది పొద్దున ఏడున్నరకి, పిల్లల్ని స్కూల్ బస్సెక్కించే హడావుడిలో. ఆ సమయంలో మీ నంబర్ ఎక్కడుందో వెతికే తీరిక ఎవరికీ ఉండదు. సాయంత్రానికి కింద కొట్లోంచో, పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లోంచో ఏదో ఒక ప్యాకెట్ వచ్చేస్తుంది. అది మీ పొడి అంత బాగుండకపోవచ్చు, అయినా అది అయిపోయేవరకు, అంటే ఇంకో నెలా నెలన్నర, ఆ ఇంట్లో మీకు చోటు లేదు. ఆలోగా మీరు రోజూ స్టేటస్ పెట్టినా, ఫోటోలు పంపినా వాళ్లకి అవసరం లేని రోజున పంపినట్టే. అందరికీ ఒకే రోజు మెసేజ్ పంపినప్పుడు జరిగింది అదే. నూట నలభై ఇళ్లలో ఆ రోజు పొడి అయిపోవచ్చింది ఏ పదింటిలోనో ఉంటుంది. మిగతావాళ్లకి అది ప్రకటన.

కాబట్టి మీ లిస్టులో పేరు, నంబర్ కంటే ముఖ్యమైనది ఒక తేదీ. ఈ ఇంట్లో మన సరుకు ఎప్పుడు అయిపోతుంది? దానికి నాలుగైదు రోజుల ముందు ఒక్క మెసేజ్ వెళితే అది అడిగినట్టు ఉండదు, కనిపెట్టుకుని ఉన్నట్టు ఉంటుంది.

ఆ తేదీని మొదటిసారి అంచనా వేయాల్సిందే. మీ వంటింట్లో ఒక చిన్న తూకం వేసి చూడండి. మీ ఇడ్లీ కారం ఒక టీస్పూను తలకొట్టి తూస్తే సుమారు మూడు గ్రాములు వస్తుంది. పొడి ఎంత మెత్తగా ఆడించారన్నదాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. ముగ్గురు తినే ఇంట్లో మనిషికి రెండు స్పూన్ల చొప్పున ఒక పూటకి ఆరు స్పూన్లు, అంటే పద్దెనిమిది గ్రాములు. వారానికి మూడు పూటలు ఇడ్లీనో దోసెనో అనుకుంటే యాభై నాలుగు గ్రాములు, ఒలికిందీ అడుగున మిగిలిందీ కలిపి అరవై. 250 గ్రాముల ప్యాకెట్ నాలుగు వారాలు వస్తుంది. అదే కంది పొడి అయితే అన్నంలో కలుపుకుంటారు కాబట్టి ఒక మనిషికి ఒక పూటకి పది గ్రాములైనా పోతుంది. రోజూ తినరు గానీ తిన్న రోజు గట్టిగా తింటారు. పచ్చడి లెక్క వేరు. గోంగూర ఇష్టంగా తినే తెలుగువాళ్లింట్లో 500 గ్రాములు నెల తిరగకుండా అయిపోతుంది. అదే సీసా రుచి చూద్దామని తీసుకున్న కన్నడం వాళ్లింట్లో మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంటుంది. జంతికలు, చేగోడీలు వారంలో అయిపోతాయి, కానీ అయిపోయాయని ఎవరూ వెంటనే మళ్లీ కొనరు. వాటికి ఈ లెక్క పనికిరాదు, పండగలకీ ఊరి ప్రయాణాలకీ ముందు గుర్తుచేయడమే.

అందుకని అమ్మే రోజునే రెండు మాటలు అడగండి: "ఇంట్లో ఎంతమంది తింటారండీ?", "అయిపోయే టైముకి ఒక మెసేజ్ పెట్టమంటారా?" మొదటి ప్రశ్న మీ లెక్కకి. రెండోది అనుమతికి. ఎవరైనా "వద్దండీ, కావాలంటే నేనే చెప్తా" అంటే అది కూడా రాసుకుని, ఆ ఇంటికి మీ అంతట మీరు పంపకండి. సరేనన్నవాళ్లకి మీరు మెసేజ్ పెట్టినప్పుడు మొహమాటపడాల్సిన పనే లేదు, పెట్టమన్నది వాళ్లే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆధారపడిందీ ఈ పద్ధతి మీదే: ఏ పనికని చెప్పి నంబర్ తీసుకున్నారో ఆ పనికే వాడాలి, వద్దంటే ఆపేయాలి. అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి నంబర్లు ఎత్తుకుని రాసుకోవడం, మీ కస్టమర్లందరినీ అడక్కుండా ఒక గ్రూపులో చేర్చడం మాత్రం చేయకండి. గ్రూపులో ఒకరి నంబర్ అందరికీ కనిపిస్తుంది. ఒంటరిగా ఉండే ఆడపిల్లలు మీ దగ్గర కొంటూ ఉండి ఉంటారు, వాళ్లకి అది ఎంత ఇబ్బందో ఆలోచించండి.

ఇక రాసుకోవడం. యాభై ఇళ్ల లోపైతే రోజుకో పేజీ ఉండే డైరీ చాలు. జులై 5న ఒకరు నాలుగు వారాల సరుకు కొన్నారనుకోండి, జులై 5 పేజీలో ఏం కొన్నారో రాసి, అప్పుడే పేజీలు తిప్పి జులై 28 దగ్గర "బి-304, ఇడ్లీ కారం" అని రాసేయండి. 28వ తేదీ పొద్దున డైరీ తెరిస్తే ఆ రోజు ఎవరిని పలకరించాలో అక్కడే ఉంటుంది. అక్షరక్రమంలో పేర్లు రాసుకునే పుస్తకం ఈ పని చేయలేదు. అది మీరు వెతికితేనే చెప్తుంది.

మీకు నూట నలభై ఇళ్లున్నాయి కాబట్టి గూగుల్ షీట్స్ మంచిది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు మనిషికి ఒక వరస పెట్టడం. రెండోసారి కొన్నప్పుడు పాత తేదీ చెరిపి కొత్తది రాస్తారు, దాంతో ఎన్నిసార్లు కొన్నారో, ఎన్ని రోజులకి కొన్నారో చరిత్రంతా పోతుంది. ఆర్డరుకి ఒక వరస పెట్టండి, ఒకే ఆర్డరులో రెండు రకాలుంటే రెండు వరసలు. A గడిలో తేదీ, B లో ఫోన్ నంబర్, C లో పేరూ ఫ్లాట్ నంబరూ, D లో ఏం కొన్నారో, E లో ఎన్ని గ్రాములో, F లో ఎన్ని రోజులు వస్తుందో మీ అంచనా. G లో ఈ సూత్రం పెడితే మెసేజ్ పెట్టాల్సిన రోజు దానంతటదే వస్తుంది:

```
=IF(A2=MAXIFS(A:A,B:B,B2),A2+F2-5,"")
```

ఇందులో చివరి భాగం కొన్న తేదీకి రోజులు కలిపి అయిదు తీసేస్తుంది. ముందున్న భాగం ఎందుకంటే, నిన్ననే మళ్లీ కొన్నవాళ్లకి ఇవాళ "అయిపోయిందా అండీ" అని వెళితే మీ లిస్టు ఎంత అధ్వానంగా ఉందో వాళ్లకి తెలిసిపోతుంది. అదే నంబర్ మీద ఇంకా కొత్త ఆర్డరుంటే పాత వరసలో తేదీ మాయమవుతుంది. పొడి ఒక రోజు, పచ్చడి ఇంకో రోజు కొన్నా చివరి ఆర్డరు ఒక్కటే మిగులుతుంది. అది మంచిదే, ఒక ఇంటికి నెలకి ఒక పలకరింపు చాలు. ఒకే రోజు రెండు రకాలు కొంటే రెండు వరసలకీ తేదీలు వస్తాయి. ముందొచ్చే తేదీకి పంపండి, రెండోదాని గురించి అందులోనే అడగండి. H లో `=COUNTIF(B:B,B2)` పెడితే ఆ నంబర్ నుంచి మొత్తం ఎన్ని వరసలున్నాయో వస్తుంది. ఒక ఆర్డరులో రెండు రకాలుంటే అది రెండుగా లెక్కపెడుతుందని గుర్తుంచుకోండి.

ఈ షీటు రెండు చోట్ల తిరగబడుతుంది. ఒకటి తేదీ. షీటు అమెరికా పద్ధతిలో ఉంటే మీరు 5/7 అని కొట్టింది మే 7 అయిపోతుంది, 25/7 అని కొట్టింది అసలు తేదీయే కాకుండా పోతుంది. కంప్యూటర్‌లో File, Settings, Locale దగ్గర India అని ముందే మార్చుకోండి. G గడిలో తేదీ బదులు నలభై వేలు దాటిన ఏదో అంకె కనిపిస్తే సూత్రం తప్పని కంగారుపడకండి, Format, Number, Date అని మారిస్తే సరిపోతుంది. రెండోది ఫోన్ నంబర్. ఒకసారి +91 తో, ఒకసారి మధ్యలో ఖాళీ వదిలి, ఒకసారి ముందు సున్నాతో రాస్తే ఒకే మనిషి ముగ్గురవుతారు. పది అంకెలు, మధ్యలో ఏమీ లేకుండా, ఎప్పుడూ అంతే.

చివర I అనే గడి ఒకటి ఖాళీగా పెట్టుకోండి. షీటు మొత్తానికి విలువైనది అదే. "బాబుకి కారం ఎక్కువైంది", "వెల్లుల్లి తినరు", "కార్తీకంలో ఉల్లి కూడా వద్దు", "అత్తగారికి షుగర్, బెల్లం వేయనిది కావాలి", "శనివారం పొద్దున అయితేనే ఇంట్లో ఉంటారు", "తెలుగు చదవలేరు, మాట్లాడతారు". బెంగళూరులో ఆ ఆఖరిది తప్పకుండా రాసుకోవాలి. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడినా చదివేది కన్నడమో ఇంగ్లీషో అయి ఉంటుంది. వాళ్లకి తెలుగు లిపిలో మెసేజ్ పంపితే చదవకుండా వదిలేస్తారు. పదిహేను సెకన్ల వాయిస్ మెసేజ్ పంపండి.

ఇప్పుడు ఒక ఇంటి కథ మొదటినుంచి చూద్దాం. బి-304 వాళ్లు జులై 5న ఇడ్లీ కారం 250 గ్రాములు తీసుకున్నారు. ఇంట్లో భార్యాభర్తలు, ఏడేళ్ల బాబు. F గడిలో 28 రాశారు. మూడో రోజున, అంటే జులై 8న, మొదటి మెసేజ్:

"నమస్తే అండీ, ఇడ్లీ కారం తిని చూశారా? ఉప్పు, కారం మీ ఇంటికి సరిపోయాయా? ఎక్కువ తక్కువ ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, ఈసారి చేసేటప్పుడు చూసుకుంటాను."

ఇందులో కొనమన్న మాట లేదు, ఉండకూడదు. కొత్త రకాల ఫోటోలు, ధరల పట్టిక దీనికి తోక తగిలించకండి. తగిలిస్తే రుచి గురించి అడిగింది అమ్మకానికి సాకని అర్థమైపోతుంది. ఇంకో సంగతి, "బాగుందా?" అని మాత్రం అడక్కండి. మనవాళ్లు ఎదుటిమనిషిని నొప్పించలేక బాగుందనే అంటారు. మీకు ఇప్పటిదాకా అందరూ అన్నది అదే. ఉప్పు, కారం అని విడదీసి అడిగితే నిజం చెప్పడం తేలిక. బి-304 నుంచి జవాబు వచ్చింది: "బాగుందండీ. బాబు మాత్రం కారం అని తినట్లేదు." ఇది I గడిలోకి వెళ్లాలి, ఆ రోజే. "అయ్యో, సరే అండీ, తర్వాతిసారి బాబుకి విడిగా కారం తగ్గించి చేస్తాను" అని ఊరుకోండి.

అప్పుడప్పుడు ఈ మూడో రోజు మెసేజ్‌కి ఫిర్యాదు వస్తుంది. అలా వచ్చినందుకు సంతోషించండి. చెప్పకుండా వెళ్లిపోయే ఇల్లు మీకు ఎప్పటికీ తెలియదు. పచ్చడి మీద తెల్లగా బూజు కనిపించిందని ఫోటో పంపారనుకోండి. తడి గరిటె పెట్టి ఉంటారని మీకు తెలిసినా వాళ్లని తప్పుపట్టకండి. సీసా మార్చి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు నూనె పచ్చడికి పైన నిలబడేలా ఉందో లేదో చూసి, "నూనె కిందికి దిగితే కాస్త నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లార్చి పోయండి, పొడి గరిటే వాడండి" అని సీసా మీద చీటీ అంటించండి. అదే వారం ఇంకో రెండిళ్లనుంచి అదే మాట వస్తే తప్పు గరిటెది కాదు, ఆ దఫా గోంగూరలో తడి ఆరలేదు. ఎవరెవరికి ఆ దఫా వెళ్లిందో మీ షీటులో తేదీని బట్టి దొరుకుతుంది. వాళ్లు చెప్పకముందే మీరే కనుక్కోండి.

మళ్లీ బి-304కి. షీటు చెప్పిన రోజు జులై 28. రెండో మెసేజ్:

"నమస్తే అండీ. ఇడ్లీ కారం అయిపోవచ్చిందేమోనని అడుగుతున్నాను. ఈ శుక్రవారం ఆడిస్తున్నాను, శనివారం పొద్దున మీ ఫ్లాట్‌కి తెచ్చివ్వగలను. బాబుకి కారం తగ్గించి 100 గ్రాములు విడిగా చేయమంటారా? ఇంకా ఉంటే ఫరవాలేదండీ, ఎంత ఉందో చెప్తే చాలు."

ఈ నాలుగు వాక్యాల్లో ప్రతిదానికీ పని ఉంది. ఏం కొన్నారో మీకు గుర్తుందని తెలుస్తుంది. ఎప్పుడు చేస్తారో చెప్పడం వల్ల "చూద్దాంలే" అని వాయిదా వేసే బదులు శుక్రవారంలోగా జవాబివ్వాలనిపిస్తుంది. దానికోసం "త్వరపడండి, కొన్ని ప్యాకెట్లే మిగిలాయి" లాంటి అబద్ధాలు అక్కర్లేదు. బాబు సంగతి ఎత్తడం ఇంకెవరూ చేయలేని పని. ఆఖరి వాక్యం కాదనడానికి మర్యాదైన దారి ఇస్తుంది. అదే మీకు లాభం కూడా, ఎందుకంటే వాళ్ల జవాబు "ఇంకా సగం ఉందండీ" అని వచ్చింది.

చాలామంది ఇక్కడ "సరే అండీ" అని వదిలేసి మళ్లీ వారానికి అడుగుతారు. అలా చేయకండి, లెక్క దిద్దుకోండి. ఇరవైమూడు రోజుల్లో సగం అయింది, అంటే మొత్తానికి నలభై ఆరు రోజులు. బాబు తినట్లేదు కదా, అందుకే. F గడిలో 28 తీసి 46 కొట్టారు, G గడి ఆగస్టు 15 చూపించింది. ఆ రోజు మెసేజ్ వెళ్లింది, మర్నాడు 16న రెండు రకాలూ తీసుకున్నారు. ఇప్పుడు ఆ ఇంటి అసలు లెక్క మీకు తెలుసు: నలభై రెండు రోజులు. కొత్త ఆర్డరు వరసలో ఈసారి 28 అని ఊహ రాయక్కర్లేదు. అయితే బాబుకి సరిపడే పొడి కూడా ఇంట్లోకి వచ్చింది, కాబట్టి దాన్ని తక్కువ రోజులకి రాసుకుని చూడొచ్చు. రెండు మూడు ఆర్డర్లు తిరిగేసరికి ప్రతి ఇంటికీ తేదీ నాలుగైదు రోజుల తేడాలో పడుతుంది.

అసలు జవాబే రాకపోతే? రెండు నీలం గీతలు పడి మాట లేకపోతే మళ్లీ "?" అని పెట్టడం, ఫోన్ చేయడం వద్దు. ఒక ఆర్డరుకి అయిపోయిందా అని అడిగే మెసేజ్ ఒక్కటే. ఆ ఇంటికి సరుకు వచ్చేన్ని రోజులు ఇంకోసారి గడిచాక, బి-304 లాంటి ఇల్లయితే ఇంకో నలభై రోజులకి, ఒక్కసారి అడగండి. దానికీ జవాబు లేకపోతే I గడిలో "సీజన్ మాత్రమే" అని రాసి, ఏడాదికి రెండుసార్లే పలకరించండి: కొత్త ఆవకాయకి, సంక్రాంతి అరిసెలకి. ఆపమన్నవాళ్లకి "తప్పకుండా అండీ, ఇక పెట్టను" అని ఒక్కమాట పంపి "వద్దు" అని రాసేయండి. ఆ వరసని చెరిపేయకండి. చెరిపేస్తే ఆరు నెలలకి మీరే మరిచిపోయి మళ్లీ పంపుతారు. మెసేజ్ వేళ విషయానికొస్తే, మీ వైపు ఇళ్లు ఎక్కువగా ఐటీ ఉద్యోగులవి కాబట్టి పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకా వదిలేయండి. సాయంత్రం ఏడు తర్వాతో, శనివారం పొద్దున పదింటికో మేలు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఎవరికీ వద్దు.

అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ గురించి ఒకటి తెలుసుకోండి. మీ నంబర్‌ని తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. ఒక లిస్టులో 256 మందిని పెట్టొచ్చు, కానీ మీరు నూట నలభై మందికి పంపినప్పుడు ఎంతమందికి చేరిందో ఆ మెసేజ్‌ని నొక్కి పట్టుకుని Info చూస్తే తెలుస్తుంది. సగం మందికి చేరలేదని తేలితే ఆశ్చర్యపడకండి. సేవ్ చేయించుకోవడానికి తేలికైన చోటు సీసా చేతికిచ్చే క్షణం: "నా నంబర్ పచ్చళ్లు అని సేవ్ చేసుకోండి, కొత్త ఆవకాయ పెట్టినప్పుడు మీకు తెలుస్తుంది." మీ పేరుతో కంటే "పచ్చళ్లు" అని ఉంటేనే పొద్దున ఏడున్నరకి వెతకడానికి దొరుకుతుంది. సీసా మూత మీద కూడా నంబర్ ఉండాలి, పక్కన అంటించిన కాగితం నూనెకి ఊడిపోతుంది. బ్రాడ్‌కాస్ట్‌ని సీజన్ కబురుకే ఉంచుకోండి. సీసా అయిపోయిందా అని అడిగే మాట ఎప్పుడూ ఒక్కరికే, విడిగా వెళ్లాలి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో Quick replies అని ఉంటుంది, మీ మెసేజ్‌ని అందులో దాచుకుని `/` కొడితే వస్తుంది. అది వాడండి గానీ పంపేముందు బాబు కారం లాంటి ఒక మాట చేత్తో చేర్చండి. చేర్చడానికి ఏమీ లేదంటే I గడి ఖాళీగా ఉందన్నమాట.

రెండోసారి కొనేవాళ్లకి ధర తగ్గించడం నాకు నచ్చని పద్ధతి. ఒకసారి తగ్గిస్తే మళ్లీ తగ్గించేదాకా ఆగుతారు, పైగా మొదటి ధర ఎక్కువేమోనన్న అనుమానం వస్తుంది. దానికి బదులు ఇంకో రకం పాతిక గ్రాములు చిన్న పొట్లం కట్టి ఇవ్వండి. ఇడ్లీ కారం కొన్నవాళ్లకి కరివేపాకు పొడి, గోంగూర కొన్నవాళ్లకి ఉసిరి. మూడో రోజు మెసేజ్‌లో "పొట్లంలో ఇచ్చిన కరివేపాకు పొడి వేడన్నంలో వేసుకున్నారా?" అని అడగడానికి ఒక మాట దొరుకుతుంది. కొన్నదాన్నే పొట్లం కట్టి ఇస్తే సీసా ఇంకో మూడు రోజులు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, అంతే.

ఇదంతా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి నూట నలభైలో పాతిక అనే లెక్క వదిలేయండి. నిన్న కొన్నవాళ్లూ రెండేళ్ల కిందట కొన్నవాళ్లూ అందులో కలిసిపోయి ఉన్నారు, అది మీకేమీ చెప్పదు. ఒక నెలలో మొట్టమొదటిసారి కొన్నవాళ్లని మాత్రమే తీసుకోండి. జులైలో కొత్తగా పన్నెండు ఇళ్లు వచ్చాయనుకుందాం. సెప్టెంబర్ ఆఖరుకి అందులో ఎన్ని ఇళ్లు రెండోసారి కొన్నాయి? మూడే అయితే, ఆగస్టులో వచ్చినవాళ్లలో అక్టోబర్ ఆఖరుకి ఎంతమందో చూసి పోల్చండి. పెరగకపోతే ఎక్కడ తెగుతోందో I గడి చదివితే కనిపిస్తుంది. మూడో రోజు మెసేజ్‌కే జవాబులు లేకపోతే భాషో వేళో కుదరలేదు. మొదటిదానికి జవాబిచ్చి రెండోదానికి "ఇంకా ఉంది" అనేవాళ్లు ఎక్కువైతే మీ ప్యాకెట్ పెద్దదైంది, 250 బదులు 100 గ్రాముల ప్యాకెట్ కూడా పెట్టాలి. అయిపోయినా కొననివాళ్లుంటే అప్పుడు రుచి గురించో ధర గురించో ఆలోచించాలి.

పాత నూట నలభై మందిని కూర్చేటప్పుడు చాట్లతో మొదలుపెట్టండి. వాట్సాప్ వెతుకులాటలో "kg", "250", "గోంగూర", "paid" లాంటి మాటలు కొడితే పాత ఆర్డర్లు చాలావరకు బయటపడతాయి. తర్వాత యూపీఐ చరిత్రలో వచ్చిన డబ్బులతో సరిచూడండి. అక్కడ తేదీ, మొత్తం ఖాయంగా దొరుకుతాయి గానీ పేరుని నమ్మకండి. ఆర్డరిచ్చింది భార్య, డబ్బు పంపింది భర్త అయి ఉంటారు. పలకరించాల్సింది ఆర్డరిచ్చినవాళ్లని. గత మూడు నెలల్లో కొన్నవాళ్లని ముందు షీటులో ఎక్కించండి, వాళ్లే ఓ ముప్పై నలభై మంది ఉంటారు. అంతకంటే పాతవాళ్లు మెసేజ్‌లకి ఎప్పుడూ ఒప్పుకోలేదు కాబట్టి వాళ్లకి ఒకే ఒక్కసారి, విడివిడిగా, రోజుకి పదిమందికి మించకుండా పంపండి. మిమ్మల్ని గుర్తుపట్టనివాళ్లు ఒకేసారి ఎక్కువమంది బ్లాకో రిపోర్టో కొడితే వాట్సాప్ మీ నంబర్‌నే ఆపేయవచ్చు.

"నమస్తే అండీ, నేను మీ పక్క అపార్ట్‌మెంట్‌లో పొడులు చేసే ఆవిడని. కిందటేడు దసరాకి మీరు కంది పొడి తీసుకున్నారు. నెలకోసారి ఏం చేస్తున్నానో చెప్పమంటే చెప్తాను, వద్దంటే ఇక మెసేజ్ పెట్టను."

"చెప్పండి" అన్నవాళ్లు షీటులోకి. జవాబివ్వనివాళ్లని అక్కడితో వదిలేయండి. ఇద్దరు బ్లాక్ చేశారన్నారు, వాళ్లకి వేరే నంబర్ నుంచి పంపకండి. లిఫ్టులో కనిపిస్తే మామూలుగా పలకరించండి, పొడి ఊసెత్తకండి.